సీసాలో మబ్బు: బీజం లేకపోతే ఎందుకు పట్టదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

సైన్స్ ఫేర్ల సీజన్ మొదలైతే చాలు, హన్మకొండలో నా దగ్గరికి వచ్చే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడిగేది ఒకటే. "సార్, సీసాలో మబ్బు చేస్తున్నాం. పొగ వేస్తే మబ్బు రావాలి, వేయకపోతే రాకూడదు కదా. మాకు రెండింట్లోనూ వస్తోంది." కొందరిదేమో "రెండింట్లోనూ రావట్లేదు" అనే బాధ. ప్లాస్టిక్ సీసాలో కాసిని నీళ్లు ఉంచి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలితే లోపల మబ్బు పట్టే ప్రయోగం ఇది. ఇద్దరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ, ఇక రాసి పెడదామని కూర్చున్నాను.

నాకూ ఈ దెబ్బ తగిలింది. చాలా ఏళ్ల కిందట ఒక ప్రదర్శనలో మా తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు సీసాలు పెట్టింది. ఒకదాని మీద "పొగ ఉంది", ఇంకోదాని మీద "పొగ లేదు" అని చీటీలు. జడ్జి ముందుగా "పొగ లేదు" సీసానే అందుకుని, నొక్కి, వదిలారు. తెల్లటి మబ్బు పట్టింది. ఆ అమ్మాయి నా ముఖం చూసింది, నేను సీలింగ్ చూశాను. అరగంట ముందు అదే హాల్లో జ్యోతి వెలిగించి, సరస్వతీదేవి పటం ముందు గుప్పెడు అగరుబత్తులు ముట్టించారు. ఆ గాలినే సీసాలోకి పట్టుకుని "పొగ లేదు" అని రాసుకున్నాం. తప్పు సీసాది కాదు, చీటీది.

కాబట్టి ఈ ప్రయోగంలో కష్టమంతా మబ్బు తెప్పించడంలో లేదు. మబ్బు రాని సీసాను నిజంగా తయారుచేయడంలో ఉంది. అది ఎలాగో కింద చెబుతున్నాను.

ముందు తెలియాల్సినంత సిద్ధాంతం

నీటి ఉపరితలం మీద ఉన్న అణువును పక్క అణువులు, కింది అణువులు పట్టుకుని ఉంచుతాయి. ఉపరితలం చదునుగా ఉంటే పక్కవాళ్లు సమానంగా, దగ్గరగా ఉంటారు. అదే చిన్న బిందువు మీదైతే ఉపరితలం గుండ్రంగా కిందికి వంగిపోతుంది కాబట్టి పక్కవాళ్ల పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిన అణువు తేలిగ్గా ఆవిరైపోతుంది. అంటే బిందువు ఎంత చిన్నదైతే దాని బాష్పపీడనం అంత ఎక్కువ. దీన్ని 1871లో విలియం థామ్సన్ లెక్కగట్టాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యింది ఆయనే. నీటికి, మన గది ఉష్ణోగ్రతల దగ్గర ఆ లెక్క ఇంత చిన్నదిగా వస్తుంది:

```
p / p0 = e^(1.06 / r)
```

ఇక్కడ `r` బిందువు వ్యాసార్థం, నానోమీటర్లలో. `p0` చదునైన నీటి మీద ఉండే బాష్పపీడనం, `p` ఆ బిందువు మీద ఉండేది. గాలిలో ఆవిరి పీడనం సరిగ్గా `p0` అంత ఉంటే దాన్ని 100 శాతం తేమ అంటాం. 1000 నానోమీటర్ల బిందువు నిలవాలంటే గాలిలో తేమ 100.1 శాతం ఉంటే చాలు. 100 నానోమీటర్ల దానికి 101 శాతం కావాలి, 10 నానోమీటర్ల దానికి 111 శాతం. ఒక్క నానోమీటరు బిందువుకైతే దాదాపు 290 శాతం కావాలి. ఆకాశంలో మబ్బు పట్టే చోట తేమ 101 శాతం దాటడమే అరుదు.

ఇప్పుడు చిక్కు అర్థమవుతుంది. ఏ బిందువైనా చిన్నదిగానే పుట్టాలి. కానీ చిన్నదిగా పుట్టగానే ఆవిరైపోతుంది, ఆవిరవుతున్న కొద్దీ ఇంకా చిన్నదై ఇంకా వేగంగా ఆవిరవుతుంది. ఒక పరిమాణం దాటిందంటే మాత్రం కథ తిరగబడుతుంది. పెరిగే కొద్దీ దానికి కావాల్సిన తేమ తగ్గుతుంది కాబట్టి ఇక ఆగకుండా పెరుగుతుంది. పద్మాక్షి గుట్ట మీదికి రాయి దొర్లించినట్టు అనుకోండి. శిఖరం దాటితే అటు పడుతుంది, దాటకపోతే మన కాళ్ల మీదికే వస్తుంది. పొగ రేణువో, ఉప్పు రేణువో, దుమ్మో ఉంటే ఆవిరి దాని మీద పేరుకుంటుంది. గుట్ట ఎక్కాల్సిన పని లేకుండా రాయిని శిఖరానికి దగ్గరగా ఎవరో ముందే పెట్టినట్టు. ఆ రేణువునే మనం బీజం అంటున్నాం.

సిద్ధాంతం ఇంతే. ఇక పనిలోకి.

కావాల్సినవి

కూల్‌డ్రింక్ రెండు లీటర్ల ఖాళీ సీసా, మూతతో సహా. మంచినీళ్ల సీసా వద్దు, అది పలచన. నొక్కితే ముడత పడి మళ్లీ పూర్వరూపానికి రాదు.

మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్లు రెండు. మనకు కావాల్సింది వాటి గొట్టాలు, వాటి మీద ఉండే రోలర్లు. రోలర్‌ను కిందికి తిప్పితే గొట్టం పూర్తిగా మూసుకుంటుంది, ఈ పనికి అంతకంటే మంచి వాల్వు దొరకదు. అక్కడే సర్జికల్ దూది కూడా తీసుకోండి.

ఎం-సీల్, ఒక అగరుబత్తి, నల్లగుడ్డ, మంచి టార్చిలైటు, రెండు లీటర్ల ఆర్.ఓ. నీళ్లు. నీళ్ల విషయంలో రాజీ పడకండి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎంత ఉంటుందో కుళాయికి పట్టిన తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లు సీసాలో చిలకరిస్తే సన్నటి తుంపర్లు ఆరిపోయి, గాలిలో ఉప్పు రేణువులు మిగులుతాయి. అవి మొదటిరకం బీజాలు. మనం తీసేయాలనుకున్నదాన్ని మనమే వేసినట్టవుతుంది.

చేసే విధానం

1. మూతకు కాల్చిన మేకుతో రెండు రంధ్రాలు పెట్టండి. పిల్లలైతే ఈ పని పెద్దవాళ్లకు వదిలేయండి. ఒక రంధ్రంలో గొట్టం మూత లోపలికి ఒక్క అంగుళమే ఉండాలి, ఇది నీళ్లు పోయే దారి. బయట ఈ గొట్టం కనీసం రెండడుగులు వేలాడాలి. రెండో రంధ్రంలోని గొట్టం సీసా అడుగు దాకా పోవాలి, ఇది గాలి వచ్చే దారి. రెండు గొట్టాలకూ రోలర్లు మూతకు బయట ఉండాలి. చుట్టూ ఎం-సీల్ పెట్టి, గట్టిపడడానికి ఒక రాత్రి వదిలేయండి.

2. గాలి గొట్టం బయటి చివర సెలైన్ సెట్‌తోనే వచ్చే వెడల్పాటి చుక్కల గదిని కోసి తగిలించి, దాంట్లో మూడు వేళ్ల మందాన దూది కూరండి. నోటితో ఊదితే గాలి కష్టపడి పోవాలి, అసలు పోకుండా ఆగకూడదు. ఈ దూదే మన జల్లెడ.

3. సీసాను ఆర్.ఓ. నీళ్లతో అంచు దాకా నింపండి. రెండు రోలర్లూ మూసి, మూత బిగించండి. ఇప్పుడు సీసా తలకిందులు చేసి బల్ల అంచున పట్టుకుని, నీళ్ల గొట్టాన్ని కింద బకెట్‌లోకి వదలండి.

4. ముందు నీళ్ల రోలర్ తెరవండి. నీళ్లు లాగడం మొదలుపెట్టాక గాలి రోలర్ తెరవండి. ఈ వరస తారుమారైతే గాలి గొట్టంలోకి నీళ్లు దిగి దూది తడుస్తుంది. తడిసిన దూదిలోంచి గాలి రాదు, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. వరస సరిగ్గా ఉంటే దూదిలోంచి వడకట్టుకుని గాలి లోపలికి వస్తుంది, నీళ్లు బయటికి పోతాయి. సీసా లోపలికి పీక్కుపోతున్నట్టు కనిపిస్తే నీళ్ల రోలర్ కాస్త బిగించండి, తొందరపడితే పనికిరాదు.

5. లోపల మూడు, నాలుగు చెంచాల నీళ్లు మిగిలినప్పుడు నీళ్ల రోలర్ మూసేయండి. అర నిమిషం ఆగి గాలి రోలర్ కూడా మూసేయండి. సీసా నిటారుగా నిలబెట్టి, నెమ్మదిగా పక్కకు ఒరగేసి తిప్పండి, గోడలన్నీ తడవాలి. కుదపకండి, గిలక్కొట్టకండి. తర్వాత పది నిమిషాలు గదిలో వదిలేయండి. లోపలి గాలి, నీళ్లు, గోడలు అన్నీ ఒకే ఉష్ణోగ్రతకు రావాలి, గాలి ఆవిరితో నిండాలి.

6. గదిలో లైట్లు ఆర్పి, సీసా వెనక నల్లగుడ్డ వేయండి. టార్చిని సీసా వెనక నుంచి కొంచెం పక్కగా, వెలుగు మీ కంట్లో నేరుగా పడకుండా మీ వైపుకే తిప్పి పెట్టండి. మబ్బు తుంపర్లు వెలుగును ఎక్కువగా ముందుకే చిమ్ముతాయి. టార్చి మీ చేతిలో ఉంచుకుని సీసా మీదికి వేస్తే ఉన్న మబ్బు కూడా సగం కనిపించదు. "మాకు రావట్లేదు" అన్నవాళ్లలో సగం మంది సమస్య ఈ టార్చి దగ్గరే తీరిపోయింది.

7. రెండు చేతులతో సీసాను గట్టిగా నొక్కండి. బలం చాలకపోతే బల్ల మీద పడుకోబెట్టి పైన చెక్క పెట్టి అదమండి. నొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. తర్వాత ఒక్కసారిగా వదిలేయండి.

ఈ అర నిమిషాన్ని అందరూ మింగేస్తారు. నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది. వెంటనే వదిలితే మొదటి ఉష్ణోగ్రతకే తిరిగి వస్తుంది, దానికన్నా చల్లబడదు. నొక్కి పట్టుకుంటే ఆ వేడి గోడల్లోకి జారిపోతుంది. అప్పుడు వదిలితేనే గాలి గది కంటే చల్లగా అవుతుంది. మబ్బు పట్టేది ఆ చల్లదనంలోనే.

8. అంతా సరిగ్గా చేసి ఉంటే ఇప్పుడు మీకు ఏమీ కనిపించదు. మహా అయితే టార్చి వెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలు మెరుస్తూ కిందికి జారతాయి. అవి దూదిని తప్పించుకుని వచ్చిన కొద్ది రేణువుల మీద పుట్టినవి. ఇదే పద్ధతిలో మరో పది, పదిహేనుసార్లు నొక్కి వదలండి. ప్రతిసారీ ఆ చుక్కలు తమ బీజాలతో సహా అడుగున నీళ్లలో పడిపోతాయి, చివరికి అవి కూడా ఆగిపోతాయి.

ఈ ఖాళీ సీసాను చూసి నిరుత్సాహపడకండి. 1875లో ఫ్రాన్సులో కూలియే, ఆ తర్వాత స్కాట్లాండ్‌లో జాన్ ఐట్‌కెన్ కనిపెట్టింది ఇదే. వడకట్టిన గాలిలో ఆవిరి ఎంత ఉన్నా మబ్బు పట్టలేదు, మామూలు గాలి కాస్త వదలగానే పట్టింది.

9. ఇప్పుడు మూత తీసి, ఒక్క నిమిషం తెరిచి ఉంచి, మళ్లీ బిగించండి. రెండు నిమిషాలు ఆగి నొక్కి, అర నిమిషం పట్టి, వదలండి. పలచని మబ్బు వస్తుంది. మీరు పొగ వేయలేదు, గదిలో ఉన్న గాలి చాలింది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఉండేవాళ్లకైతే మిర్చి సీజన్‌లో ఈ మబ్బు ఇంకాస్త చిక్కగా వస్తే ఆశ్చర్యపోను, కానీ అది నేను కొలిచిన సంగతి కాదు.

10. చివరగా పొగ. గాలి గొట్టం నుంచి దూది గదిని తీసేయండి. రోలర్ తెరిచి సీసాను కొంచెం నొక్కి, గొట్టం చివర వెలుగుతున్న అగరుబత్తి పొగకు దగ్గరగా పట్టి, నొక్కుడు వదలండి. సీసా ఒక్క గుక్క పొగ పీల్చుకుంటుంది. అంతే చాలు. రోలర్ మూసి, మళ్లీ అదే పని. ఈసారి సీసా పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

ఒకే సీసా, అవే నీళ్లు, అదే నొక్కుడు. మారింది బీజం ఒక్కటే. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి పోల్చడం కంటే ఇది గట్టి సాక్ష్యం.

లోపల ఏం జరిగిందో లెక్కతో

గది 30 డిగ్రీలు అనుకుందాం. ఆ ఉష్ణోగ్రత దగ్గర నీటి ఆవిరి గాలిలో గరిష్ఠంగా 42.4 మిల్లీబార్ల పీడనం దాకా ఉండగలదు. సీసాను నొక్కి లోపలి పీడనాన్ని పది శాతం పెంచి, అర నిమిషం ఆగాక, వేడి పోయి గాలి మళ్లీ 30కి వచ్చింది, ఆవిరి 42.4 దగ్గర ఉంది. ఇప్పుడు వదిలారు. పీడనం ఒక్కసారిగా పడిపోవడం వల్ల గాలి దాదాపు ఎనిమిది డిగ్రీలు చల్లబడి 22కు వస్తుంది. వ్యాకోచంతో పాటు ఆవిరి పీడనం కూడా 42.4 నుంచి 38.5కు తగ్గుతుంది. కానీ 22 డిగ్రీల దగ్గర గాలి నిలుపుకోగలిగింది 26.4 మాత్రమే. 38.5ను 26.4తో భాగిస్తే 1.46. అంటే ఆ క్షణాన సీసాలో తేమ 146 శాతం. గోడల నుంచి వేడి తగులుతుంది కాబట్టి నిజంగా అంత పూర్తిగా రాకపోవచ్చు, అయినా ఆకాశంలోని ఏ మబ్బులోనూ ఇంత తేమ ఉండదు.

మరి ఇంత తేమలోనూ శుభ్రమైన సీసా ఎందుకు ఖాళీగా ఉంది? పైన ఇచ్చిన లెక్కను తిరగేయండి. 1.46 రెట్ల తేమలో నిలవగలిగిన బిందువు వ్యాసార్థం 2.8 నానోమీటర్లు. చూడ్డానికి అతి చిన్నది. కానీ దాంట్లో దాదాపు మూడు వేల నీటి అణువులు పడతాయి. గాలిలో దేని దారిన అది తిరిగే అణువులు మూడు వేలు, ఎవరూ పిలవకుండా, ఒకేచోట ఒకేసారి గుమిగూడాలి. పది గుమిగూడతాయి, విడిపోతాయి. ముప్ఫై గుమిగూడతాయి, విడిపోతాయి. మూడు వేలదాకా రావడం జరగని పని.

అగరుబత్తి పొగ రేణువు వ్యాసార్థం సుమారు వంద నానోమీటర్లు. దాని మీద పలచటి నీటి పొర పట్టినా అది వంద నానోమీటర్ల బిందువుతో సమానం, దానికి 101 శాతం తేమ చాలు. మన దగ్గర 146 ఉంది. అందుకే కన్ను మూసి తెరిచేలోగా ఏ రేణువుకు ఆ రేణువు తుంపరగా మారిపోతుంది.

సైకిల్ పంపు వాడొచ్చా?

చాలామంది అడిగేది ఇదే, ఎందుకంటే పంపుతో మబ్బు దట్టంగా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. మబ్బు చూపించడమే మీ పనైతే వాడుకోండి. బీజం సంగతి తేల్చాలంటే మాత్రం వద్దు, దానికి రెండు కారణాలు.

ఒకటి, పంపు ప్రతి దెబ్బకీ గది గాలినే లోపలికి తోస్తుంది. మీరు దూదితో వడకట్టిన కష్టం వృథా. రెండోది ఇంకా ముఖ్యం. పీడనం బాగా పెంచి ఒక్కసారిగా వదిలితే బీజం లేకపోయినా మబ్బు వస్తుంది. 1890లలో సి.టి.ఆర్. విల్సన్ దుమ్ము లేని గాలితో ఇదే తేల్చాడు. గాలి ఘనపరిమాణం 1.25 రెట్లకు వ్యాకోచిస్తే అక్కడక్కడ చుక్కలు పుట్టాయి, వాటికి బీజాలు గాలిలోని అయాన్లు. 1.38 రెట్లు దాటితే ఏ బీజమూ లేకుండానే దట్టమైన మబ్బు పట్టింది. అక్కడ తేమ ఎనిమిది రెట్ల దాకా పోతుంది కాబట్టి కొన్ని పదుల అణువుల గుంపు కూడా గుట్ట దాటేస్తుంది. ఆ 1.38కి కావాల్సింది మామూలు గాలి పీడనం కంటే సుమారు అరవై శాతం ఎక్కువ. సైకిల్ పంపుకు అది నాలుగు దెబ్బల పని. కాబట్టి చేత్తో నొక్కడమే మేలు, చెయ్యి ఎంత బలంగా నొక్కినా ఆ హద్దు దాకా పోదు.

ఇంకో మాట. మబ్బు చిక్కగా రావాలని సీసాలో స్పిరిట్ పోసే వీడియోలు తిరుగుతున్నాయి. స్పిరిట్ ఆవిరి ఉన్న సీసా దగ్గర అగరుబత్తి, అగ్గిపుల్ల పెట్టకండి, అంటుకుంటుంది. మన పనికి నీళ్లు చాలు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పొగనే మబ్బు అనుకోవడం మొదటిది. మూడు, నాలుగు గుక్కల పొగ పట్టించి "చూడండి సార్ మబ్బు" అంటారు. తేడా తెలుసుకోవడం సులువు. సీసాను మళ్లీ నొక్కండి. మబ్బైతే నొక్కిన క్షణంలో మాయమై సీసా తేటగా అవుతుంది, వదలగానే తిరిగి వస్తుంది. పొగైతే నొక్కినా వదిలినా అలాగే ఉంటుంది. నొక్కితే మాయం కానిది మబ్బు కాదు. పొగ ఎక్కువైతే మూత తీసి సగం గాలి మార్చుకోండి.

రెండోది వేడి నీళ్లు పోయడం. మరిగే నీళ్లు పోస్తే సీసా వంకర్లు పోతుంది, గోడల మీద ఆవిరి పట్టి లోపల ఏముందో కనపడదు. పైగా ఎక్కడి చల్లదనం వల్ల తుంపర పుట్టిందో చెప్పలేం. గది ఉష్ణోగ్రతలో ఉన్న మామూలు నీళ్లే మంచివి. గోడల మీద మసక పడితే సీసాను ఒరగేసి తిప్పి తడి చేయండి, మసక పోతుంది.

మూత కారడం మూడోది. నొక్కి పట్టుకున్నప్పుడు అర నిమిషంలో సీసా మీ చేతుల్లో మెత్తబడిపోతుంటే గాలి ఎక్కడో పోతోందని అర్థం. మూతను నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది.

శుభ్రమైన సీసాలోనూ మబ్బు వస్తోందా? అయితే దూది పలచగా ఉంది, లేదా దూదికి, గొట్టం గోడకూ మధ్య సందు ఉంది, లేదా నీళ్లు బోరువి. ఈ మూడింటిలో ఒకటి. నేను చూసినంతలో ఎక్కువసార్లు బోరు నీళ్లే.

స్ప్రే త్వరగా ఆరడం కూడా ఇదేనా?

కాదు. పిల్లల చార్టుల్లో తరచూ కనిపించే తప్పు ఇది. "చిన్న బిందువుల బాష్పపీడనం ఎక్కువ, అందుకే స్ప్రే కొడితే త్వరగా ఆరుతుంది" అని రాస్తారు. రెండు ముక్కలూ విడివిడిగా నిజమే, మధ్యలో ఉన్న "అందుకే" తప్పు.

స్ప్రే తుంపర వ్యాసం యాభై, వంద మైక్రాన్లు, అంటే యాభై వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. ఆ పరిమాణంలో బాష్పపీడనం పెరిగేది ఒక శాతంలో వందో వంతు కూడా కాదు. అది త్వరగా ఆరడానికి కారణం వేరు. ఉన్న కాస్త నీటికి ఉపరితలం చాలా ఎక్కువ. పైగా చిన్న బిందువు చుట్టూ ఆవిరి అన్ని వైపులా త్వరగా చెదిరిపోతుంది. వ్యాసం పదో వంతు అయితే ఆరే సమయం వందో వంతు అవుతుంది. తేమ సగం ఉన్న గదిలో వంద మైక్రాన్ల తుంపర పది, పదిహేను సెకన్లలో ఆరితే, పది మైక్రాన్లది సెకనులో ఆరో వంతు, పదో వంతు కాలంలోనే పోతుంది.

ఇది చూపించాలంటే పాలిథిన్ కవరు మీద సిరంజితో ఒక మిల్లీలీటరు నీళ్లు ఒకే ముద్దగా పోయండి. పక్కనే ఇంకో మిల్లీలీటరును ఇరవై చుక్కలుగా విడివిడిగా పెట్టండి. ఫ్యాను వేసి సమయం చూడండి. చుక్కలు ఎంతో ముందు ఆరతాయి. చార్టు మీద దీన్ని "ఉపరితలం వల్ల" అని రాయండి, కెల్విన్ పేరు పెట్టకండి. కెల్విన్ ప్రభావం లెక్కలోకి వచ్చేది బిందువు వంద నానోమీటర్ల కంటే చిన్నదైనప్పుడే. దాన్ని ఇంట్లో కంటితో నేరుగా చూడలేం, శుభ్రమైన సీసా ఖాళీగా ఉండడమే దానికి మన చేతిలో ఉన్న సాక్ష్యం.

జడ్జీలు అడిగే ఇంకో ప్రశ్న

"మరి మేఘమథనం అంటే ఇదేనా?" అని అడుగుతారు. సగం ఇదే. మన ఆకాశంలో బీజాలకు కరువు లేదు, నేల మీది గాలిలో ప్రతి ఘన సెంటీమీటరుకూ వేల రేణువులు తిరుగుతుంటాయి. బీజాలు మరీ ఎక్కువైతే ఉన్న ఆవిరిని అన్నీ పంచుకుని, ఏ తుంపరా చినుకంత పెరగదు. అందుకే వెచ్చటి మబ్బుల్లో చల్లేది పెద్ద ఉప్పు రేణువులను. సిల్వర్ అయొడైడ్ సంగతి వేరు, అది సున్నా కంటే చల్లగా ఉండి కూడా గడ్డకట్టని తుంపర్లను మంచు చేయడానికి. మబ్బే లేని ఆకాశంలో రెండూ పనిచేయవు.

ఈ పంచుకోవడం కూడా మీ సీసాలోనే చూపించవచ్చు. 9వ మెట్టులో గది గాలితో వచ్చిన మబ్బులో తుంపర్లు తక్కువ, పెద్దవి. టార్చి వెలుగులో విడివిడిగా మెరుస్తూ కిందికి దిగుతాయి. 10వ మెట్టులో పొగతో వచ్చిన మబ్బులో తుంపర్లు అసంఖ్యాకం, సన్నవి. పాలలా కనిపిస్తాయి, దిగవు. ఇంకా బాగా చూడాలంటే టార్చిని సీసాకు సరిగ్గా వెనక, ఒక గజం దూరాన పెట్టి, దాని ముందు చిన్న రంధ్రం చేసిన అట్ట అడ్డం పెట్టండి. మబ్బులోంచి ఆ వెలుగు చుక్కను చూస్తే చుట్టూ రంగుల వలయం కనిపిస్తుంది. తుంపర్లు సన్నగా ఉంటే వలయం వెడల్పు, పెద్దవైతే ఇరుకు. పొగ ఒక్క గుక్క, రెండు గుక్కలు, మూడు గుక్కలు వేసి వలయం ఎలా మారుతోందో నోటుబుక్కులో గీసుకోండి.

మొదట్లో చెప్పిన ఆ అమ్మాయి మరుసటి ఏడాది అదే ప్రాజెక్టు మళ్లీ పెట్టింది, ఈసారి ఒకే సీసాతో. చీటీ మీద "పొగ లేదు" అని రాయలేదు. "దూదితో వడకట్టిన గాలి, 15 సార్లు నొక్కి వదిలాం" అని రాసింది. జడ్జి నొక్కారు, పట్టుకున్నారు, వదిలారు, ఏమీ రాలేదు. "పాడైందా అమ్మా?" అని అడిగారు. ఆ అమ్మాయి సీసా తీసుకుని, మూత విప్పి, హాల్లోని అగరుబత్తుల గాలి ఒక్క నిమిషం తగలనిచ్చి, మళ్లీ బిగించి ఆయన చేతికిచ్చింది.